బ్లౌజు మడతలు తీస్తే చాలా, నడుము కూడా తగ్గించాలా?

కొత్త_షట్టర్: 25వ పెళ్లిరోజుకి ఒక మేడం ఫోటో తీశాను. మెరూన్ పట్టు బ్లౌజు బాగా బిగుతు. పక్కకి తిరిగి నిలబడ్డారు కాబట్టి నడుము పైన బట్ట మడతలు పడింది, బ్లౌజు అంచు కింద ఒళ్లు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. "కొంచెం నీట్‌గా చెయ్యి బాబూ" అన్నారంతే. మడతలు తీసి వదిలేయాలా, ఫోటోషాప్‌లో Liquify తో నడుము కూడా లోపలికి నెట్టాలా?

ఆల్బమ్_అన్న: నెట్టెయ్ తమ్ముడూ, సన్నగా కనిపిస్తే ఎవరు వద్దంటారు? మడతలకైతే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేసి, కింది లేయర్‌లో ఆ భాగం లాసోతో పట్టి Gaussian Blur కొట్టు. ఐదు నిమిషాల పని.

పాత_డార్క్‌రూమ్: బ్లర్‌తో నీడలు కలిసిపోయే మాట నిజమే. కానీ మడత గీత పై లేయర్‌లో అలాగే ఉండిపోతుంది, నీడ లేని గీత గోటితో గీరినట్టు కనిపిస్తుంది. పైగా సెలెక్షన్ జరీ అంచుని తాకిందంటే బంగారు రంగు మెరూన్‌లోకి పాకుతుంది. ప్లెయిన్ కాటన్ చొక్కాకి ఆ పద్ధతి నడుస్తుందేమో గానీ పట్టుకి పనికిరాదు.

ముందు ఏ మడత ఉండాలో చూసుకో. చంక నుంచి ఏటవాలుగా దిగే మడత చెయ్యి వంగినందుకు వచ్చింది. అది తీసేస్తే బ్లౌజు ఒంటికి రంగు పూసినట్టుంటుంది. నడుము పైన అడ్డంగా పడ్డవే బిగుతు వల్ల వచ్చినవి, నీ పని వాటితోనే. సన్నవాటిని కొత్త ఖాళీ లేయర్ మీద Healing Brush తో పూర్తిగా తీసెయ్, Sample దగ్గర Current & Below పెట్టు. బట్ట, చర్మం కలిసే చోట మాత్రం హీలింగ్ వద్దు, చర్మం రంగుని బట్టలోకి లాగేస్తుంది. అక్కడ Clone Stamp వాడు.

లోతైనవాటిని చెరిపెయ్యకు, సగానికి తగ్గించు చాలు. 50% gray నింపిన లేయర్‌ని Soft Light లో పెట్టి, Flow రెండు మూడు శాతంతో నీడవైపు తెలుపు, మెరుపువైపు నలుపు నెమ్మదిగా పూసుకుంటూ పో. పట్టులో నీడ తేలికైన చోట రంగు మట్టిగా తేలుతుంది. అప్పుడు పక్కనున్న మెరూన్‌ని తీసుకుని Color మోడ్‌లో పల్చగా పూస్తే కలిసిపోతుంది.

ఇదంతా అయ్యాకే ఉబ్బు సంగతి చూడు. కంటికి ఉబ్బుని చూపించేది సగం దాని కింద పడే నీడే. నీడ తగ్గించకుండా అంచు మాత్రం నెడితే ఉబ్బు అక్కడే ఉంటుంది, నడుము మాత్రం విరిగినట్టు అవుతుంది.

కుట్టుమిషన్_అక్క: అడ్డంగా మడతలొచ్చాయంటే నడుము దగ్గర బిగుతు అయ్యుండాలి. లోపల పక్క కుట్లు ఒక వరస విప్పించమనండి, అర అంగుళం వదులొస్తుంది. దానికి కంప్యూటర్ ఎందుకు?

కొత్త_షట్టర్: అక్కా, ఫోటో తీసేశాం కదా! ఫంక్షన్ కూడా అయిపోయింది.

కుట్టుమిషన్_అక్క: అయ్యో, సరిగ్గా చదవలేదు. వచ్చేసారి క్లిక్ కొట్టే ముందైనా బ్లౌజు వెనకవైపు కిందికి లాగి సర్దమను బాబూ.

గోదారి_పిల్ల: నా రిసెప్షన్ ఆల్బమ్‌లో అడక్కుండానే నడుము సగం చేశారు. పక్కనున్న మండపం స్తంభం కూడా లోపలికి వంగింది. మా అత్తగారు చూసి "ఇదెవరమ్మా?" అన్నారు. మడతలు తీస్తే తీశారు, నా ఒళ్లు నాకు వదిలేయాల్సింది. ఆ ఆల్బమ్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అడిగి చేస్తే పోయేదేముంది?

ఆల్బమ్_అన్న: మీలాంటివాళ్లు నూటికి ఒక్కరమ్మా. మిగతావాళ్లు "ఇంకాస్త తగ్గించలేదేం" అని గొడవపడతారు. ప్రతివాళ్లనీ అడుగుతూ కూర్చుంటే సీజన్‌లో ఆల్బమ్‌లు బయటికి వెళ్లవు.

ఫ్యోర్డ్_నుంచి: ఇక్కడ నార్వేలో 2022 జులై నుంచి ఒంటి ఆకారం మార్చిన ఫోటోకి గుర్తు వేయాలని చట్టం ఉంది.

పాత_డార్క్‌రూమ్: అది ప్రకటనలకండీ, ఇంటి ఆల్బమ్‌కి కాదు.

స్తంభం వంగిందంటే Freeze Mask వెయ్యలేదన్నమాట. షట్టర్ తమ్ముడూ, లేయర్లన్నీ కలిపి ఒక స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి Liquify తెరువు, రేపు మేడం వద్దంటే వెనక్కి తీసుకోవచ్చు. చెయ్యి, జరీ అంచు, వెనకున్న నిట్టనిలువు గీతలు ముందు ఫ్రీజ్ చెయ్. బ్రష్ ఉబ్బుకి రెండింతలుండాలి, చిన్న బ్రష్‌తో నెడితే అంచు అలలు అలలుగా వస్తుంది. బ్లౌజు కోసుకుపోయిన గుంటని బయటికి, ఉబ్బుని లోపలికి, రెండూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా జరిపి ఒకే గీతలోకి తీసుకురా. అది బట్ట చేసిన ఆకారం, సరిచేయొచ్చు. ఆ గీత దాటి లోపలికి వెళ్లావంటే అది మేడం నడుము, అడక్కుండా ముట్టుకోవద్దనే నేనంటాను.

కొత్త_షట్టర్: చేశాను సార్. 25% జూమ్‌లో బాగుంది, అద్దంలోలా తిప్పి చూసినా తేడా తెలియలేదు. గుంట దగ్గర మాత్రం జరీ గళ్లు కొంచెం సాగాయి.

పాత_డార్క్‌రూమ్: సాగిన గళ్లని సరిచేయలేవు. పక్కనున్న మంచి జరీ ముక్కని కొత్త లేయర్‌లోకి కాపీ చేసి, Warp తో వంపుకి తగ్గట్టు కూర్చోబెట్టి, మాస్క్‌తో అంచులు కలుపు.

ఆల్బమ్_అన్న: ఇంత చేసి, నడుము ఒక్క అంగుళం తగ్గించడానికి మనసు రాలేదా? ఆ మేడం తగ్గించమనే అడుగుతారు, చూస్తుండు.

గోదారి_పిల్ల: అడిగితే అప్పుడు చేస్తారు లెండి.