గరిటెల షాపు న్యూస్‌లెటర్: వారానికొకటా, సరుకు వచ్చినప్పుడా?

నెల్లూరు గరిట

ఉదయగిరి చెక్క గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు తెప్పించి నెల్లూరులో అమ్ముతాం. చిన్న వెబ్‌సైట్ ఉంది, షాపు పేరుతో డొమైన్ ఉంది. ఈమెయిల్ అడ్రసులు 340 చేరాయి. 210 వెబ్‌సైట్‌లో కొన్నవాళ్లవి, కొనేటప్పుడు "కబుర్లు పంపండి" అని టిక్ పెట్టారు. మిగతా 130 ఎగ్జిబిషన్ స్టాల్‌లో బిల్లు పుస్తకంలో రాయించుకున్నవి. న్యూస్‌లెటర్ వారానికొకటి పంపాలా, కొత్త సరుకు వచ్చినప్పుడే పంపాలా? సబ్జెక్ట్‌లో ఏం రాయాలి?

కావలి కుర్రాడు

వారానికొకటి అన్నా, ఇంకో ఆలోచనే వద్దు. మంగళవారం పొద్దున పది గంటలకు. నేను మా మామ బట్టల షాపుకి అట్టానే పంపిస్తున్నా, ఓపెన్ రేటు అరవై శాతం దాటుతోంది. న్యూస్‌లెటర్ పంపిపెట్టే సర్వీసులకు డబ్బులు దేనికి? మామూలు జీమెయిల్‌లో అందర్నీ Bcc లో పెట్టి కొట్టేయండి. రోజుకు 500 మందికి పంపనిస్తుంది, మీ దగ్గరున్నది 340. సబ్జెక్ట్‌లో ఎంత శాతం తగ్గింపో కనపడాలి, లేకపోతే ఎవరూ తెరవరు.

ఒంగోలు పచ్చళ్లమ్మ

తమ్ముడూ, గరిటెల గురించి వారానికో ఉత్తరం ఏం రాస్తాడయ్యా ఆయన? నాలుగో వారానికి "మీకు శుభోదయం" అని పంపాల్సి వస్తుంది.

నేను పచ్చళ్లు పంపిస్తాను, సగం మంది అమెరికాలోనే ఉంటారు. నాకు వారమూ లేదు, నెలా లేదు. ఆవకాయ కలిపిన రోజు మెయిల్ వెళ్తుంది. సబ్జెక్ట్ "ఆవకాయ కలిపాం, ఎల్లుండి డబ్బాలకెక్కుతుంది". అంతే. సాయంత్రం ఏడింటికి పంపితే న్యూయార్క్ వైపు వాళ్లకి పొద్దున కాఫీ టైము. ఆఫర్ అనే మాట నేను ఇంతవరకు రాయలేదు.

దర్శి వాసి

నాకు కూడా ఇలాంటి మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి, బ్యాంకు వాళ్లవి కూడా. పాస్‌వర్డ్ మార్చుకోవాలా?

కావలి కుర్రాడు

అన్నా, ఇక్కడ మాట్లాడేది పంపేవాళ్ల గురించి. మీది వేరే విషయం, విడిగా అడగండి.

మూలపేట మాస్టారు

500 లెక్క నిజమే, మామూలు జీమెయిల్‌కి అదే హద్దు. చిక్కు అక్కడ లేదు. Bcc లో పంపిన మెయిల్‌లో "ఇక వద్దు" అని చెప్పే లింకు ఉండదు. విసుగొచ్చినవాడికి దగ్గర్లో కనిపించేది Report spam ఒక్కటే. గూగుల్ పంపేవాళ్లకు చెప్పిన మాట ఏమిటంటే, ఇలాంటి ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచుకోండి, 0.3 దాకా ఎప్పుడూ పోనివ్వకండి అని. ఇప్పుడు గరిటెల షాపు లెక్క చూడండి. 340 మందిలో ఒక్కరంటే ఒక్కరు నొక్కితే 0.29. పెద్ద కంపెనీకి ఒక్కడి చిరాకు లెక్కలోకి రాదు, మీకు ఒక్కడే చాలు. పైగా ఇంత చిన్న లిస్టుకు గూగుల్ ఆ అంకె చూపించదు కూడా. మెయిళ్లు స్పామ్‌లో పడటం మొదలైనప్పుడే తెలుస్తుంది.

వారానికొకటి అంటే ఆ ఒక్కడికి నెలకు నాలుగు అవకాశాలు ఇచ్చినట్టు. అట్లని పచ్చళ్లమ్మగారి పద్ధతి గరిటెలకు నప్పదు. పచ్చడి డబ్బా ఖాళీ అవుతుంది, వాళ్లే మీ మెయిల్ కోసం ఎదురుచూస్తారు. గరిట ఏళ్ల తరబడి అరగదు. ఉదయగిరి నుంచి కొత్త రకం ఐదు నెలలకు వచ్చిందనుకోండి, అప్పుడు మెయిల్ పంపితే "ఎవరు వీళ్లు?" అనుకుని అదే బటన్ నొక్కుతారు. అందుకే నెలకొకటి చాలు. ఫలానా రోజని పెట్టుకోండి, ఉదాహరణకు మొదటి శనివారం.

అన్నిటికంటే ముఖ్యమైన మెయిల్ అసలు ఈ నెలవారీ లెక్కలోకి రాదు. సరుకు చేరిన రెండు మూడు రోజులకు, కొన్న ప్రతి ఒక్కరికీ దానంతటదే వెళ్లేది. సబ్జెక్ట్: "కొత్త గరిటెకు మొదట నూనె రాయండి". లోపల నాలుగు మాటలు: నీళ్లలో నానబెట్టొద్దు, కడిగి నీడన ఆరబెట్టండి, కొబ్బరినూనె చుక్క రాసి పొడి గుడ్డతో తుడవండి. గరిట చేతిలో ఉన్నప్పుడు వచ్చే మెయిల్ కాబట్టి తెరుస్తారు. మీ పేరు అప్పుడే గుర్తుండిపోతుంది, ఆ తర్వాత నెలకొకసారి వెళ్లినా కొత్తవాళ్లు అనుకోరు. ఆర్డరు వచ్చిన ఇన్ని రోజులకు అని పెడితే దానంతటదే మెయిల్ పోయే ఏర్పాటు చాలా న్యూస్‌లెటర్ సర్వీసుల్లో ఉంటుంది.

కావలి కుర్రాడు

ఫిర్యాదుల లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటా. మరి అరవై శాతం ఓపెన్ రేటు సంగతేంది మాస్టారూ? మంగళవారం పంపినందుకే కదా వచ్చింది.

మూలపేట మాస్టారు

మెయిల్ లోపలి బొమ్మ ఫోన్‌కి వచ్చిందంటే తెరిచినట్టు అని సర్వీసులు లెక్కేస్తాయి. ఐఫోన్‌లోని మెయిల్ యాప్ 2021 నుంచి, మనిషి తెరిచినా తెరవకపోయినా, లోపలి బొమ్మలను ముందే తెప్పించుకుంటోంది. ఆ సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లందరూ తెరిచినట్టే లెక్కకొస్తారు. మీ అరవైలో అట్టాంటివి ఎన్నో చెప్పలేం. అయినా Bcc లో పంపితే ఓపెన్ రేటు ఎట్టా తెలిసింది మీకు?

కావలి కుర్రాడు

షాపుకి సర్వీస్ వాడుతున్నాం, జీమెయిల్ మాట గరిటెల అన్న ఖర్చు తగ్గుతుందని చెప్పా. మా కస్టమర్లు దాదాపు అందరూ ఆండ్రాయిడే, ఐఫోన్ లెక్క మాకు పట్టదు.

మూలపేట మాస్టారు

అయితే మీ అంకె నా అనుమానం కంటే నిజానికి దగ్గర్లోనే ఉండొచ్చు. మంగళవారం వల్లనే వచ్చిందని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం, వేరే రోజు పంపి చూడలేదు కదా. నేనైతే లింకు ఎంతమంది నొక్కారు, ఎంతమంది తిరిగి జవాబు రాశారు అనే చూస్తాను. 210 మందిలో ఐదుగురు "పెద్ద అట్లకాడ ఉందా?" అని రాస్తే ఆ నెల మెయిల్ పనిచేసినట్టు.

నెల్లూరు గరిట

మాస్టారూ, సంక్రాంతికి ఒకటి రాసి పెట్టుకున్నా. సబ్జెక్ట్ ఇది:

"ఉదయగిరి సాంప్రదాయ హస్తకళల నుండి మా ప్రత్యేక సంక్రాంతి కానుక, 20 శాతం తగ్గింపు!!!"

పంపేవారి పేరు దగ్గర "ఉదయగిరి గరిటెలు" అని ఉంటుంది. బాగుందా?

మూలపేట మాస్టారు

మీ ఫోన్‌కే ఒకసారి పంపుకుని చూడండి. నాకైతే "ఉదయగిరి సాంప్రదాయ హస్తకళల నుం…" దాకా కనపడి ఆగింది. ఫోన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఉదయగిరి అనే మాట పంపేవారి పేరులోనే ఉంది, మళ్లీ సబ్జెక్ట్‌లో పెట్టి చోటు పోగొట్టుకున్నారు. సంక్రాంతి, తగ్గింపు, రెండూ తెర బయటే ఉండిపోయాయి. ఆ మూడు ఆశ్చర్యార్థకాలు కూడా తీసేయండి, అరుస్తున్నట్టుంది.

పండక్కి కొనేవాడికి కావాల్సింది తగ్గింపు కంటే ముందు ఒక తేదీ. కొరియర్ మీద వెళ్లే సరుకు కదా. కాబట్టి సబ్జెక్ట్ "పండక్కి చేరాలంటే 5 లోపు చెప్పండి". ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ పక్కనో కిందనో సన్నగా ఇంకో వాక్యం కనిపిస్తుంది చూశారా, అక్కడ "అట్లకాడలు, పెద్ద గరిటెలు మళ్లీ వచ్చాయి. నలుగురికి ఇచ్చే సెట్లు కూడా" అని పెట్టండి. సర్వీసులో దానికి విడిగా ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే మెయిల్ మొదటి వాక్యమే అక్కడికి వస్తుంది. చాలామంది టెంప్లేట్లలో ఆ మొదటి వాక్యం "View this email in your browser". అంత ఖరీదైన చోట ఆ మాట చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒంగోలు పచ్చళ్లమ్మ

తెలుగులో పెడితే అమెరికా పిల్లలు చదవలేకపోతున్నారు మాస్టారూ. తల్లిదండ్రులు చదువుతారు, కార్డు పిల్లల చేతిలో ఉంటుంది. నేను సబ్జెక్ట్ తెలుగులో, లోపల రెండు భాషల్లో పెడుతున్నా.

మూలపేట మాస్టారు

మీ లిస్టు మీకే బాగా తెలుసమ్మా. గరిటెల అన్న లిస్టు బెంగళూరు, హైదరాబాద్ వాళ్లదైతే సగానికి తెలుగు, సగానికి ఇంగ్లిష్ పంపి, ఏది ఎక్కువ నొక్కారో చూడొచ్చు. కానీ 105 మందికి 105 మంది అంటే తేడా రెండో మూడో ఉంటుంది, దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. నాలుగైదు నెలలు వరసగా ఒకవైపే మొగ్గితే అప్పుడు ఆలోచించండి.

ఇంకొకటి. సర్వీసులో పంపేవారి అడ్రసు జీమెయిల్‌ది పెట్టొద్దు, డొమైన్‌ది పెట్టండి. డొమైన్ మీదే అని రుజువు చేసే DKIM రికార్డులు సర్వీస్ వాళ్లు ఇస్తారు, డొమైన్ కొన్నచోట వాటిని అతికించాలి. పని అయిందో లేదో తెలియాలంటే మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి మూడు చుక్కల కింద Show original నొక్కండి. DKIM పక్కన PASS అని, ఆ పక్కన మీ డొమైన్ పేరు ఉండాలి. PASS ఉండి సర్వీసు వాళ్ల పేరు ఉంటే మీ రికార్డు ఇంకా పనిచేయడం లేదన్నమాట.

నెల్లూరు గరిట

చూశా. PASS ఉంది గానీ పేరు సర్వీసుదే. మా డొమైన్ అమ్మినవాళ్ల పేజీలో రికార్డు పెట్టినప్పుడు చివర మన డొమైన్ పేరు రెండుసార్లు పడింది, వాళ్లే ఒకసారి తగిలిస్తారంట. సరిచేశా, రేపు మళ్లీ చూస్తా.

బిల్లు పుస్తకంలోని 130 సంగతి ఏం చేయమంటారు?

కావలి కుర్రాడు

పంపేయండి అన్నా. వాళ్ల చేత్తో వాళ్లే రాశారు.

మూలపేట మాస్టారు

బిల్లు కోసం రాశారు, న్యూస్‌లెటర్ కోసం కాదు. స్టాల్‌లో నిలబడి గీకిన అడ్రసుల్లో తప్పులుంటాయి, కొత్త డొమైన్ నుంచి వెళ్లిన మొదటి మెయిలే ఓ పాతిక తిరిగొస్తే మంచి పేరు రాదు. నేనైతే మొదటి రెండు నెలలు 210 మందికే పంపుతా. ఆ 130 మందికి మీ మామూలు మెయిల్ నుంచి, రోజుకు పదిమంది చొప్పున, "ఫలానా ఎగ్జిబిషన్‌లో దువ్వెన తీసుకున్నారు, నెలకొక కబురు పంపమంటారా?" అని విడివిడిగా అడుగుతా. అవునన్నవాళ్లనే చేరుస్తా.

ఒంగోలు పచ్చళ్లమ్మ

ఇది నేను ఒప్పుకోను. స్టాల్‌లో మనతో పావుగంట మాట్లాడి కొన్నవాళ్లు వెబ్‌సైట్‌లో టిక్ పెట్టినవాళ్లకంటే దగ్గరివాళ్లు. అనుమతి అడిగే ఉత్తరానికి ఎవరు జవాబిస్తారు? పదిమందిలో ఒకరు. మిగతా తొమ్మిది మందిని వదులుకుంటారా? మొదటి లైనులో ఎక్కడ కలిశామో రాసి, వద్దనుకుంటే నొక్కే లింకు పైనే పెట్టి పంపితే చాలు.

మూలపేట మాస్టారు

అట్టా పంపి నెగ్గినవాళ్లూ ఉన్నారమ్మా, కాదనను. ఎగ్జిబిషన్ పోయిన నెలదైతే నేనూ అదే చేసేవాణ్ణి. గరిటెల అన్న పుస్తకం ఎప్పటిదో చెప్పలేదు.

నెల్లూరు గరిట

కొన్ని పోయిన సంక్రాంతివి, కొన్ని అంతకు రెండేళ్ల ముందువి. పోయిన సంక్రాంతివి పచ్చళ్లమ్మగారు చెప్పినట్టు పంపుతా, పాతవాళ్లను మాస్టారు చెప్పినట్టు అడుగుతా. మొదటి శనివారం అనే అనుకుంటున్నా, కావలి తమ్ముడు మంగళవారం అంటున్నాడు. మా ఆవిడ ఆదివారం అంటోంది.