‘మూడు గంటల పని’, ‘మూడు గంటల్లో అయితది’: రెండూ ఒకటేనా?

సుజాత (హనుమకొండ): అందరికీ నమస్తే. మాది నలుగురి సాఫ్ట్‌వేర్ టీమ్. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నం. కొత్తగా చేరేవాళ్ల కోసం పని పద్ధతులు తెలుగులో రాస్తున్న. ఒకరు ‘ఇది మూడు గంటల పని’ అంటే పక్కవాళ్లకు ‘మూడు గంటల్లో అయితది’ అని వినబడుతున్నది. అందుకని గంటలు వదిలి, పాత పనితో పోల్చి అంకె వేసే స్టోరీ పాయింట్లకు పోదామని ఇద్దరు, గంటలే ఉంచుదామని ఇద్దరు. ముందు ఈ రెండు వాక్యాల తేడా చెప్పండి.

నరహరి (విశ్రాంత తెలుగు పండితులు): అమ్మా, తేడా స్పష్టంగానే ఉంది. ‘గంటల పని’లో గంటలు పని పరిమాణాన్ని చెప్తాయి. ‘గంటల్లో’ అనగానే అది గడువు అవుతుంది. పని ఎంతుందన్నది ఒక ప్రశ్న, ఎప్పటికి ముగుస్తుందన్నది ఇంకో ప్రశ్న. నాకు అర్థమైనంతలో పాయింట్లంటే గుత్త పని, గంటలంటే కూలి పని. అంతేనా?

వేణు (కాజీపేట): సార్, వాక్యాల సంగతి మీరు చెప్పిందే. కానీ గుత్త, కూలి అనేవి డబ్బు ఇచ్చే పద్ధతులు. సుజాతక్క అడిగేది పని మొదలుపెట్టకముందు వేసే అంచనా గురించి. గుత్తకు ఒప్పుకున్న పనిని లోపల గంటల్లోనూ లెక్కేసుకోవచ్చు, పాయింట్లలోనూ లెక్కేసుకోవచ్చు.

అసలు పాయింట్లు పుట్టిందే మీరు చెప్పిన తేడా వల్ల. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ పని పద్ధతి తొలి రోజుల్లో అంచనాలు ‘ఆదర్శ దినాల’లో వేసేవాళ్లు. అంటే ఎవరూ కదిలించకుండా కూర్చుంటే ఎన్ని దినాల పని అని. నిజంగా పట్టే కాలం దానికి మూడింతల దాకా ఉండేది. ‘ఒక్క దినం పని మూడు దినాలు ఎందుకైతున్నది’ అని కస్టమర్లు అడుగుతుంటే దినం అన్న మాట తీసేసి పాయింట్ అన్నరు. ఆ మార్పులో ముందున్న రాన్ జెఫ్రీస్, పాయింట్లను జనం వాడుతున్న తీరు చూసి తర్వాత విచారపడ్డడు కూడా.

శ్రీకాంత్ (కరీంనగర్): ఇంత చర్చ ఎందుకన్నా? పాయింట్ అంటే పని ఎంత కష్టమో చెప్పేది, గంట అంటే కాలం. ఒక పాయింట్ అంటే నాలుగు గంటలు అని రాసుకుంటే రెండూ కలిసిపోతయి. స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ ప్రకారం పాయింట్లు తప్పనిసరి కూడా.

వేణు: శ్రీకాంత్ తమ్మీ, స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ అన్న మాటే లేదు. పాయింట్లో కష్టం ఒక భాగమన్నది నిజమే. కానీ 600 పాత రైతు ఖాతాలను చేత్తో సరిచూసుడు ఏమంత కష్టమైన పని కాదు, చాలా ఉన్న పని. దానికి ఒక పాయింట్ వేస్తే లెక్క తప్పుతది. పని ఎంతుంది, ఎంత చిక్కుంది, తెలియనిది ఎంతుంది, మూడూ కలిపి పాత పనితో పోల్చి చెప్పేదే పాయింట్.

పాయింటుకు నాలుగు గంటలని కట్టినవంటే అది మారుపేరు పెట్టుకున్న గంటే. మేనేజర్ 5 పాయింట్లను 20 గంటలుగా చదివి, 21వ గంటకు ఫోన్ చేస్తడు.

సుజాత: మా దగ్గర జరిగింది అచ్చం గిదే. రైతుకు ఇచ్చే తక్‌పట్టీ బిల్లు ప్రింటులో హమాలీ, కమీషన్ కోతలు విడివిడిగా చూపాలె. కోడ్ రాసే తమ్ముడు ‘4 గంటల పనే’ అన్నడు. సోమవారం పొద్దున మొదలైతే గురువారం అయింది.

వేణు: ఆ పనిని విప్పి చూద్దాం అక్కా. కోడ్ 4 గంటలు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద అంకెలు పక్క గడిలో పడకుండా సర్దుడు 3. పాత బిల్లులు పెట్టి కోతల మొత్తం సరిపోతున్నదా చూసుడు 3. ఇంకొకరు కోడ్ చదువుడు 1. దుకాణంలో ఎక్కించి చూపెట్టుడు 2. మొత్తం 13. ఆ తమ్ముడు అబద్ధం చెప్పలే, తన చేతిలో ఉన్న భాగమే చెప్పిండు.

ఇక దినానికి 8 గంటలని లెక్కేయకండి. ఫోన్లు, మీటింగులు పోతే నికరంగా మిగిలేది 5 అనుకుందాం. సోమవారం 5, మంగళవారం 5, బుధవారం 1. మార్కెట్ నడుస్తుంటే అడ్తిదారు కంప్యూటర్ ఇయ్యడు కాబట్టి ఎక్కించే 2 గంటలు గురువారమే. చూడండి, 13 గంటల పని నాలుగో దినానికి తేలింది. పనుల జాబితాకు జిరా సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఇంకో సంగతి: `2d` అని కొడితే డిఫాల్ట్‌గా అది 16 గంటలు. మీ నికర గంటలు వేరైతే టైమ్ ట్రాకింగ్ సెట్టింగుల్లో మార్చుకోవాలె, లేదంటే `10h` అని నేరుగా గంటల్లోనే రాయాలె.

పద్మ (టెస్టింగ్, వరంగల్): మరి పాయింట్లలో అయితే ఇదెట్ల ఉంటది?

వేణు: ముందు అయిపోయిన పనుల్లోంచి మూడింటిని కొలబద్దలుగా పెట్టుకోవాలె. ఉన్న రిపోర్టులో ఒక కాలమ్ కలుపుడు 2 అనుకోండి. కొత్త ఎంట్రీ స్క్రీన్ 5. బయటి పేమెంట్ సర్వీసుతో కలుపుడు 13. తక్‌పట్టీ పని కాలమ్ కలుపుడు కన్న పెద్దది, దాదాపు కొత్త స్క్రీన్ అంత. 5 వేస్తరు. నలుగురూ తమ అంచనా అంకె ఉన్న కార్డులు ఒకేసారి చూపాలె. ఒకరు 2, ఇంకొకరు 8 చూపితే సగటు తీయొద్దు, ఆ ఇద్దరితో మాట్లాడించాలె. 8 వేసినామెకు ప్రింటర్ తంటా తెలిసుంటది.

తేదీ ఎట్లొస్తదంటే, గడిచిన మూడు విడతల్లో పూర్తి చేసినవి 21, 17, 22 పాయింట్లనుకుందాం. ఒక్కో విడత రెండు వారాలు. ఇంకా 64 పాయింట్ల పని ఉంది. 64ను 22తో భాగిస్తే మూడు విడతలకు కాస్త తక్కువ, 17తో భాగిస్తే దాదాపు నాలుగు. కస్టమర్‌కు ‘ఆరు నుంచి ఎనిమిది వారాలు’ అని చెప్పొచ్చు. ఫోన్లు, సెలవులు ఆ 17లో, 22లో ఇప్పటికే ఉన్నయి, మళ్ల కలపొద్దు.

శ్రీకాంత్: అయితే విడతకు 30 చేయమని పైనుంచి చెప్తే?

వేణు: 30 చూపిస్తరు, పని మాత్రం అంతే ఉంటది. మొన్న 3 వేసిన పనికి ఇప్పుడు 5 పడుతది. కనిపెట్టాలంటే ఆ మూడు కొలబద్ద పనుల వివరాలు మళ్లీ ఇచ్చి అంచనా వేయించండి. 2 కాస్తా 3 అయితే పాయింట్ ఉబ్బింది.

పద్మ: నాకైతే నలుగురి టీమ్‌కు పాయింట్లు ఎక్కువే అనిపిస్తది. డేటాబేస్ ఒక్కరికే వస్తది, ప్రింటింగ్ ఇంకొకరికే. వాళ్లలో ఒకరు సెలవు పెడితే సగటు లెక్క దేనికీ పనికిరాదు. అంచనా వేసినవాళ్లే పని చేసి, పక్కన అసలు పట్టిన గంటలు రాస్తే, రెండు మూడు విడతల్లో ఎవరు ఎంత తక్కువ చెప్తున్నరో తెలుస్తది.

వేణు: పద్మగారి మాటలో బలముంది. ఎవరి పని వాళ్లదే అయిన టీమ్‌లో పాయింట్లు సరిగ్గా కుదరవు. కానీ రాసిన గంటలను మనిషిని నిలదీయడానికి వాడిన రోజునుంచే అందరూ తప్పుడు గంటలు రాస్తరు. నా లెక్కలో నెలల తరబడి ఉన్న జాబితాకు పాయింట్లు, ఈ వారం చేతిలోకి తీసుకునే పనికి గంటలు. ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చే పట్టిక మాత్రం పెట్టొద్దు. పనులన్నీ ఇంచుమించు ఒకే సైజులో కోయగలిగితే విడతకు ఎన్ని అయినయో లెక్కపెట్టినా చాలు.

నరహరి: సుజాతా, అట్లయితే నీ రాతలో ‘13 గంటల పని, గురువారానికి అందుతుంది’ అని రెండూ రాయి. ఒక్కటే రాస్తే చదివేవాళ్లు రెండోదాన్ని ఊహించుకుంటారు.

సుజాత: అట్లనే రాస్త సార్. ఒక్కటి మిగిలింది. మిర్చి సీజన్‌లో వచ్చే బగ్గులకు పాయింట్లు వేయాల్నా?

పద్మ: వేయొద్దు. వేస్తే మన తప్పు దిద్దుకున్నదానికి కూడా కొత్త పని చేసినట్టు లెక్కొస్తది.

వేణు: నేను వేయమంటా, కనీసం పాత బగ్గులకు. అవి కూడా ఆ 64లో ఉన్న పనే కద. ఈ విడతలో చేసిన పనిలో పుట్టినవాటికి మాత్రం వద్దు.

పద్మ: అది పాతదా, కొత్తదా అని తేల్చుడే మాకు సగం దినం పడుతది అన్నా.