వార్షిక నివేదికలోని బార్ చార్టును కొలిచి అంకె రాయవచ్చా?

సుజాత: ఒక సిమెంటు కంపెనీ వార్షిక నివేదికలో అమ్మకాల పరిమాణం బార్ చార్టుగా మాత్రమే ఉంది, పట్టిక ఎక్కడా లేదు, స్తంభాల మీద అంకెలు కూడా లేవు. టన్నుకు ఎంత రాబడి వచ్చిందో నేను లెక్కకట్టాలి. బొమ్మను కొలిచి వచ్చిన అంకెను నా నివేదికలో రాయవచ్చా?

కిరణ్: బ్యాంకు పరీక్షలకు తయారయ్యేవారికి ఇది కష్టమైన పని కాదు. స్తంభం ఏ రెండు గీతల మధ్య ఉందో కంటితో చూసి, ఇచ్చిన నాలుగు సమాధానాల్లో దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

రామచంద్రమూర్తి: కిరణ్ గారూ, ఇక్కడ ఎంచుకోవడానికి నాలుగు సమాధానాలు ఎవరూ ఇవ్వలేదు. సుజాత గారూ, బొమ్మను ఏదైనా చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నిలువు అక్షం మీద అంకె రాసి ఉన్న రెండు గీతలు పైనుంచి ఎన్నో పిక్సెల్ వరుసలో ఉన్నాయో గుర్తించండి. ఆ రెంటి మధ్య దూరాన్నిబట్టి ఒక్కో పిక్సెల్ ఎన్ని టన్నులకు సమానమో తెలుస్తుంది. ఆ తరువాత ప్రతి స్తంభం పై అంచు ఏ వరుసలో ఉందో చూడండి. కొలిచిన అంకెను వాడేముందు ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలి. నివేదికలో మరెక్కడైనా, ఉదాహరణకు డైరెక్టర్ల నివేదికలోని వాక్యాల్లో, ఏదో ఒక సంవత్సరపు పరిమాణం అంకెల్లో రాసి ఉంటుందేమో వెతకండి. ఆ అంకె మీ కొలతతో సరిపోతేనే ఆ చార్టును కొలతకు గీశారని నమ్మవచ్చు. అందంకోసం ఉజ్జాయింపుగా గీసిన చార్టులు నేను చాలా చూశాను.

శేషగిరి: అక్షం సున్నా నుంచి మొదలుకాని చార్టును అసలు చదవనే కూడదు. నేను ఒక కంపెనీ వాటాలు కొన్నప్పుడు, దాని నివేదికలో ఈ ఏటి స్తంభం నిరుటి దానికి రెట్టింపు ఎత్తు ఉంది. అక్షం 180 దగ్గర మొదలైందని తరువాత గమనించాను. అమ్మకాలు 200 నుంచి 220కి, అంటే పది శాతం మాత్రమే పెరిగాయి. నా డబ్బు మూడేళ్లు అందులోనే ఇరుక్కుపోయింది.

రామచంద్రమూర్తి: మీకు జరిగినది అన్యాయమే, కాదనను. అయితే అక్కడ మోసం చేసినది స్తంభాల ఎత్తుల పోలిక. అంకెలున్న రెండు గీతలను ఆధారంగా తీసుకుని కొలిస్తే, అక్షం ఎక్కడ మొదలైనా విలువ సరిగానే వస్తుంది. మీ చార్టులో కూడా అలా కొలిచివుంటే 200, 220 అనే వచ్చేవి.

చక్రపాణి: ముప్పై ఏళ్లు రుణాల విభాగంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, బొమ్మనుంచి తీసిన అంకె ఏ కాగితంలోనూ ఉండకూడదు. కంపెనీల చట్టంలోని పాత షెడ్యూల్ ఆరు ప్రకారం కంపెనీలు ఉత్పత్తి ఎంతో, అమ్మకం ఎంతో పరిమాణాలతో సహా లెక్కల్లోనే చూపేవి. 2011-12 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త షెడ్యూల్ ఆ వివరాలను తీసివేసింది, అందుకే ఈ అవస్థ. కంపెనీ కార్యదర్శికి ఉత్తరం రాసి అడగండి.

సుజాత: ఉత్తరం రాసి మూడు వారాలైంది, జవాబు లేదు. మూర్తి గారు చెప్పినట్టు కొలిచాను. సున్నా గీత 640వ వరుసలో, 40 లక్షల టన్నుల గీత 160వ వరుసలో ఉన్నాయి. 2022-23 స్తంభం పై అంచు 370, 2023-24ది 352, 2024-25ది 338. అంచులు కాస్త మసకగా ఉన్నాయి. 2022-23లో 22.5 లక్షల టన్నులు అమ్మామని అధ్యక్షుని సందేశంలో ఉంది. ఆదాయం 2023-24లో 1,250 కోట్లు, 2024-25లో 1,268 కోట్లు.

రామచంద్రమూర్తి: 480 పిక్సెళ్లకు 40 లక్షల టన్నులు కాబట్టి, 370 దగ్గర ఆగిన స్తంభం ఎత్తు 270 పిక్సెళ్లు, అంటే సరిగ్గా 22.5 లక్షలు. పరీక్ష నెగ్గింది. అదే లెక్కన తరువాతి రెండేళ్లకు 24.0, 25.17 వస్తాయి. టన్నుకు రాబడి మొదటి ఏడు 5,208 రూపాయలు, రెండో ఏడు 5,038, అంటే 3.3 శాతం తగ్గింది.

చక్రపాణి: మసక బొమ్మనుంచి 25.17 ఎలా వచ్చిందండీ? ఆ రెండో దశాంశ స్థానం ఎవరు ఇచ్చారు? 5,038 అని రాస్తే చదివేవాడు అది కంపెనీ ఇచ్చిన అంకె అనుకోడా?

రామచంద్రమూర్తి: సరే, దశాంశాన్ని వదిలేస్తాను. మసక అంచువల్ల రెండు పిక్సెళ్లు అటూ ఇటూ అవుతాయనుకుందాం, అంటే సుమారు 17 వేల టన్నులు. రెండేళ్లలోనూ తప్పు ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో పడితే, తగ్గుదల దాదాపు 2 శాతం నుంచి 4.6 శాతం వరకూ ఎంతైనా కావచ్చు. కనుక రాబడి తగ్గిందని నిశ్చయంగా రాయవచ్చు, ఎంత తగ్గిందో మాత్రం ఆ అవధితోనే రాయాలి. రెండు అంచనాల మధ్య తేడా తీసినప్పుడు పొరపాటు ఇలాగే పెద్దదవుతుంది.

చక్రపాణి: మీరు ఎన్ని అవధులు రాసినా, ఆ కాగితం పై అధికారి బల్లమీదికి వెళ్లేసరికి అవధి పోయి అంకె మిగులుతుంది! నాకు జరిగినదే చెబుతున్నాను. నా కింది ఉద్యోగి చార్టునుంచి తీసిన ఉత్పత్తి అంకె పక్కన "సుమారు" అని రాశాడు, సారాంశంలో ఆ మాట ఎగిరిపోయింది. తరువాతి ఏడు కంపెనీ ఆ అంకెను సవరించి చూపింది. సంతకం నాది కాబట్టి సంజాయిషీ కూడా నేనే ఇచ్చుకోవలసి వచ్చింది. మీ పిక్సెళ్లు ఎవరికీ మెమోలు ఇవ్వవు.

రామచంద్రమూర్తి: అంటే మీ అభ్యంతరం కొలత మీద కాదు, పైవారి మీద. ఆ మాట మొదటే చెప్పివుంటే ఇంత వాదన ఎందుకు?

లలిత: నేను ఆడిటరుగా పనిచేస్తాను. చక్రపాణి గారి మాటలో మీరిద్దరూ దాటిపోతున్న విషయం ఒకటి ఉంది. నివేదిక ముందు పేజీల్లోని చార్టులకు మేము హామీ ఇవ్వము. ఆర్థిక నివేదికలతో పొసగని విషయం పెద్దది ఏదైనా ఉందేమోనని చదువుతాము, అంతే. కాబట్టి ఆదాయం ఆడిట్ అయిన అంకె, టన్నులు కంపెనీ తనంతట తాను చెప్పిన మాట. బొమ్మను పిక్సెల్ తప్పు లేకుండా కొలిచినా ఈ తేడా పోదు. పైగా టన్నుల్లో ఏమేమి కలిపారో కూడా చూడాలి. ఆ ఆదాయం ఈ కంపెనీ ఒక్కదానిదా, అనుబంధ సంస్థలతో కలిపినదా?

సుజాత: ఆదాయం కంపెనీ ఒక్కదానిదే. లలిత గారు అడిగాక చార్టు కింద ఉన్న చిన్న అక్షరాలను పెద్దవి చేసి చూశాను. "క్లింకర్‌తో కలిపి" అని ఉంది. సిమెంటుగా నూరకముందు ఉండే ఆ క్లింకర్ ధర సిమెంటు ధరకంటే తక్కువ కదా?

రామచంద్రమూర్తి: తక్కువే. క్లింకర్ అమ్మకం ఈ ఏడు ఎక్కువైతే, సిమెంటు ధర తగ్గకపోయినా మీ లెక్కలో రాబడి తగ్గినట్టే కనిపిస్తుంది. "రాబడి తగ్గింది" అని నిశ్చయంగా రాయవచ్చన్న నా మాట టన్నుల మొత్తానికే వర్తిస్తుంది, సిమెంటు ధరకు వర్తించదు. రాబడికి సంబంధించిన నోట్‌లో ఉత్పత్తులవారీగా విడదీసి చూపారేమో చూడండి.

చక్రపాణి: కార్యదర్శికి ఇంకొక ఉత్తరం రాయండి. ఈసారి క్లింకర్ ఎన్ని టన్నులు అన్న ఒక్క ప్రశ్నే అడగండి.

సుజాత: నోట్‌లో క్లింకర్‌ను విడిగా చూపలేదు. ఉత్తరం ఈ రోజే పంపుతున్నాను.