‘ఎండ తీవ్రత సూచిక’ అనవచ్చునా?

పుటలమధ్య: బడిపిల్లల కోసం వాతావరణం మీద ఒక చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో యూవీ ఇండెక్స్ అనే మాట పదే పదే వస్తుంది. ‘అతినీలలోహిత సూచిక’ అని రాస్తే పిల్లలకు నోరు తిరగదనిపించి ‘ఎండ తీవ్రత సూచిక’ అని రాశాను. పరిష్కర్త ఆ మాట కింద గీత గీసి ప్రశ్నార్థకం పెట్టారు, కారణం రాయలేదు. నా వాక్యం ఇది: “మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో ఎండ తీవ్రత సూచిక 11కు చేరి, సాయంత్రానికి తగ్గిపోతుంది.” ఇందులో దోషం ఎక్కడుంది?

తేటనీరు: మాటలో దోషమేమీ లేదండీ. ఎండ పెరిగితే సూచిక పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. వేళ మాత్రం సరిచూసుకోండి. ఎండ బాగా మండేది రెండు, మూడు గంటల మధ్య కదా. పన్నెండు అని రాసినందుకే పరిష్కర్త ఆగి ఉంటారు.

అక్షరమాలిక: నాకు తెలిసి ‘సూచిక’ అంటే పుస్తకం చివర అకారాదిగా ఇచ్చే పట్టిక. అంకెను తెలిపేదానికి ‘సూచీ’ అనాలి. ధరల సూచీ అంటాం కదా. అభ్యంతరం అక్కడే అనుకుంటున్నాను.

వానగొడుగు: సూచిక, సూచీ రెండూ వాడుకలో ఉన్నాయి. అభ్యంతరం దాని గురించి కాదనుకుంటాను. సూచిక పేరులో ఉన్న అతినీలలోహిత కిరణాలను కొలిచే పరికరాలతో నాకు రోజూ పని, కాబట్టి చెబుతున్నాను: పన్నెండు గంటల ప్రాంతం అన్నది సరైనదే. మాటే సరిపోలేదు. తేటనీరు గారు ‘ఎండ’ అనగానే వేడిని తలచుకున్నారు, వెంటనే వేళ మార్చమన్నారు. పిల్లలూ అలాగే తలచుకుంటారు.

గాలి వేడి మూడు గంటలకు పెరగడానికి కారణం నేల. పన్నెండు దాటాక ఎండ తగ్గుముఖం పట్టినా, నేల పోగొట్టుకునే వేడి కన్నా దానికి అందే వేడి ఇంకా కొంతసేపు ఎక్కువగానే ఉంటుంది. అందుకే గాలి వేడెక్కుతూ పోతుంది. అతినీలలోహిత కిరణాలకు అలాంటి నిల్వ లేదు. ఈ క్షణం ఎంత పడుతోందో అంతే. సూర్యుడు ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టగానే సూచిక దిగుతుంది.

పుటలమధ్య: అయితే ఇది ఆ కిరణాల మొత్తం శక్తిని చెబుతుందన్నమాట. ‘అతినీలలోహిత కిరణాల మోతాదు’ అని విడమరచి రాస్తే సరిపోతుందా?

వానగొడుగు: రెండు కారణాల వల్ల సరిపోదు. మోతాదు అంటే కొంతసేపట్లో పోగయ్యేది. సూచిక చెప్పేది ఒక క్షణంలో ఉన్న తీవ్రత. సూచిక 4 ఉన్నచోట గంటసేపు నిలబడితే చర్మానికి చేరేదీ, 8 ఉన్నచోట అరగంట నిలబడితే చేరేదీ సమానం.

రెండో కారణమే అసలుది. సూచిక మొత్తం కిరణాలను లెక్కపెట్టదు. నేలకు చేరే అతినీలలోహితంలో నూటికి తొంభై అయిదు వంతులు పొడవైన తరంగాలే, అంటే ఎ రకం. చర్మాన్ని కందించడంలో వాటి బలం చాలా తక్కువ. మిగిలిన కొద్దిపాటి బి రకానిదే ఆ పని. అందుకే ఒక్కో తరంగదైర్ఘ్యానికి దాని కందించే శక్తిని బట్టి ఒక విలువ కట్టారు. 298 నానోమీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలకు పూర్తి విలువ. అక్కడి నుంచి విలువ నిట్టనిలువుగా పడిపోతుంది. 328 దగ్గరికి వచ్చేసరికి వెయ్యిలో ఒకటి రెండు వంతులే మిగులుతుంది. ఆ విలువలతో గుణించి, అన్నీ కూడి, చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు వస్తే దాన్ని 1 అన్నారు. మీ వాక్యంలో ఉన్న 11 అంటే 275 మిల్లీవాట్లు. అదే వేళ అదే చదరపు మీటరు మీద పడే మొత్తం ఎండ వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. ఆ వెయ్యి వాట్లలో కన్ను చూసేదీ, ఒంటికి వెచ్చగా తగిలేదీ దాదాపు అంతా ఉంది. సూచిక లెక్కించేది మాత్రం ఒంటికి వేడిగా తెలియదు. అందుకే ‘ఎండ తీవ్రత’ అనడం నాకు ఇబ్బందిగా ఉంది.

పాతతాళపత్రం: ‘అతినీలలోహితం’ అన్న మాటకు నోరు తిరగదని వదిలేయకండి. ఇందులో ‘అతి’కి ‘మిక్కిలి’ అని అర్థం కాదు. అతిక్రమణం, అతీతం అన్న మాటల్లో ఉన్న ‘అతి’ ఇది. దాటిపోయినది అని అర్థం. ఇంద్రధనుస్సులో నీలలోహితం అంచును దాటి కంటికి కనిపించనిది. ఆ ఒక్క ముక్క చెబితే పిల్లలకు మాట గుర్తుంటుంది, ఆ కిరణాలు కనపడవన్న సంగతీ గుర్తుంటుంది.

తేటనీరు: వేడి విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ వెలుగు ఎలా తగ్గుతుందో ఇవీ అలాగే తగ్గాలి కదా? సూర్యుడు వాలితే అదే కాంతి ఎక్కువ మేర నేల మీద పరుచుకుంటుంది, అందుకు తగ్గుతుంది. అందులో కొత్తేముంది?

వానగొడుగు: పరుచుకోవడం నిజమే, కానీ అది సగం కారణం. రెండో సగం ఓజోన్. సూర్యుడు నెత్తి మీద ఉంటే కిరణాలు ఆ పొరను నిలువుగా దాటుతాయి. దిక్చక్రానికి ముప్పై డిగ్రీల ఎత్తుకు దిగితే ఏటవాలుగా దాదాపు రెట్టింపు దూరం దాటాలి. ఓజోన్ కనిపించే వెలుగును పెద్దగా ముట్టుకోదు. పొట్టి తరంగాలను పట్టి మింగుతుంది. సూచికలో ఎక్కువ విలువ ఉన్నవి సరిగ్గా అవే.

ఒక లెక్క చూడండి. మబ్బు, దుమ్ము లేని ఆకాశం, సముద్రమట్టం, నెత్తి మీది ఓజోన్ మొత్తాన్ని కొలిచే డాబ్సన్ యూనిట్లలో 300 అనుకుందాం. సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటే సూచిక 12 దాటుతుంది. 45 డిగ్రీల ఎత్తులో ఉంటే 5కు కొంచెం పైన. 30 డిగ్రీల ఎత్తులో 2కు కొంచెం పైన. పరుచుకోవడమే కారణమైతే 30 డిగ్రీల దగ్గర సగం, అంటే 6 మిగలాలి. అయిదో వంతు కూడా మిగలడం లేదు. వెలుగు మాత్రం అప్పటికీ పుష్కలంగానే ఉంటుంది. కంటికి పెద్ద తేడా తెలియదు.

పిల్లల పుస్తకం కాబట్టి నీడను కూడా చేర్చండి. 45 డిగ్రీల దగ్గర మన నీడ మన ఎత్తుకు సమానం. నీడ మనకన్నా పొట్టిగా ఉందంటే సూచిక పెరిగిన వేళలో ఉన్నామని గుర్తు.

కొండదారి: అయితే నా సంగతి ఒకటి అడగాలి. కొండ ఎక్కడానికి వెళ్లాం. రోజంతా పల్చని మబ్బు, చలిగాలి, ఎండ అన్న మాటే లేదు. రాత్రికి ముఖం, గెడ్డం కింద కూడా ఎర్రగా కందిపోయి మంట. గాలి కోసిందని అందరూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. పైన మంచు ఉంది. ఇది ఆ కిరణాల పనేనా?

తేటనీరు: మబ్బు ఉంటే ఆ కిరణాలు రావు కదా. గాలి వల్లే అయి ఉంటుంది. లేదా కొండ ఎక్కి ఓజోన్ పొరకు దగ్గరయ్యారేమో.

వానగొడుగు: మీ ముఖాన్ని చూడకుండా ఏది ఎంత చేసిందో నేను తేల్చలేను. చలిగాలి చర్మాన్ని పొడిబార్చగలదు. కానీ గెడ్డం కింద కందిందంటున్నారు, మంచు ఉందంటున్నారు, అందుకే నా అనుమానం కిరణాల మీదే.

ఓజోన్ పొరకు దగ్గరవడం మాత్రం కాదు. అందులో చాలా భాగం ఇరవై కిలోమీటర్లకు పైన ఉంటుంది. ఏ కొండ ఎక్కినా దాదాపు పొరంతా మన నెత్తి మీదే మిగులుతుంది. తగ్గేది కింద ఉన్న గాలి, దుమ్ము. పొట్టి తరంగాలను వెనక్కి చెదరగొట్టేది ఆ గాలే. అది పల్చబడితే ఎక్కువ కిరణాలు దిగుతాయి. ప్రతి వెయ్యి మీటర్లకు నూటికి పది, పన్నెండు వంతులు పెరుగుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. గాలిలోని దుమ్మును బట్టి, సూర్యుడి ఎత్తును బట్టి అది మారుతుంది.

ఇక మబ్బు. పల్చని మబ్బు ఈ కిరణాలను నూటికి తొంభై వంతుల దాకా వదిలేస్తుంది. మబ్బులోని నీరు వేడినిచ్చే పరారుణ కిరణాలను మాత్రం బాగా పీల్చుకుంటుంది. అందుకే మబ్బు పట్టగానే చల్లబడుతుంది, ప్రమాదం తగ్గిందనిపిస్తుంది. కింద సముద్రమట్టంలో తేటగా ఉన్న మధ్యాహ్నం సూచిక 10 అనుకోండి. మూడు వేల మీటర్ల ఎత్తులో అది సుమారు 13. పల్చని మబ్బు పదో వంతు తీసేసినా దాదాపు 12. గాలి మాత్రం కింద కన్నా ఇరవై డిగ్రీలు చల్లగా ఉంటుంది. పైగా సూచికను అడ్డంగా పరిచిన పలక మీద పడేదాన్ని బట్టి లెక్కిస్తారు. కొత్త మంచు నూటికి ఎనభై వంతుల దాకా పైకి తిప్పికొడుతుంది. గెడ్డం కిందికి వచ్చినది ఆ అంకెలో లేనే లేదు.

కొండదారి: గెడ్డం సంగతి ఇప్పుడు అర్థమైంది. మరి నల్లని మబ్బు?

వానగొడుగు: దట్టంగా, కిందుగా కమ్ముకున్న మబ్బు నిజంగానే చాలా ఆపుతుంది. వానమబ్బు కింద అయిదో వంతే మిగలవచ్చు. తేటనీరు గారి మాట అక్కడ చెల్లుతుంది. చిక్కంతా విడివిడి మబ్బులతో. సూర్యుడు వాటి సందులోంచి కనిపిస్తూ, పక్కన తెల్లని మబ్బు అంచులు మెరుస్తుంటే, నేరుగా వచ్చేదానికి మబ్బు చెదరగొట్టినది కూడా తోడవుతుంది. అలాంటప్పుడు తేట ఆకాశానికి లెక్కకట్టిన అంకెను మించి నా పరికరంలో కొన్ని నిమిషాల పాటు కనిపించడం మామూలే. ఫోనులో ముందుగా ఇచ్చే అంకె ఈ పొంగును చూపలేదు. కొన్నిచోట్ల అది తేట ఆకాశానికి కట్టిన అంకె, కొన్నిచోట్ల మబ్బును కలిపి కట్టినది. ఏదో చూసుకోవాలి.

పుటలమధ్య: వాక్యాన్ని మార్చాను: “సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు అతినీలలోహిత సూచిక 11కు చేరుతుంది.” గంట కూడా తీసేశాను.

అక్షరమాలిక: ‘చర్మదాహక సూచీ’ అంటే ఇంకా సూటిగా ఉండదా? అది కొలిచేది చెప్పినట్టవుతుంది.

పాతతాళపత్రం: పిల్లలను భయపెట్టే మాట. పైగా ఏ కిరణాలో చెప్పదు. నేను ఒప్పుకోను.

అక్షరమాలిక: ఏ కిరణాలో తెలియడం కన్నా ఏం చేస్తాయో తెలియడం ముఖ్యం కదండీ. నా మాట మీదే ఉంటాను.

వానగొడుగు: గంట తీసేయడం మంచిదే. గడియారపు పన్నెండూ, సూర్యుడి పన్నెండూ ఒకటి కావు. ఒక్కో రేఖాంశ డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి అక్కడ శిఖరం ఒంటిగంట దాటాక వస్తుంది. కానీ ‘నడినెత్తికి’ అన్నది ఉష్ణమండలానికే సరిపోతుంది. దాని అవతల సూర్యుడు ఎన్నడూ నెత్తి మీదికి రాడు. “ఆ రోజుకు సూర్యుడు అన్నిటికన్నా ఎత్తులో ఉన్న వేళ” అని రాయండి. 11 అన్న అంకెకు ముందు “తేట ఆకాశంలో” అని కూడా చేర్చండి.

పుటలమధ్య: రెండూ చేరుస్తున్నాను. మాట విషయంలో పరిష్కర్తకు ‘అతినీలలోహిత సూచిక’, ‘చర్మదాహక సూచీ’ రెండూ పంపుతాను. మొదటిదాని వైపే నా మొగ్గు.