పక్కటెముక చిట్లిందా? దగ్గు వస్తే ప్రాణం పోతోంది, ఎవరికైనా అనుభవం ఉందా?

గోదారిగట్టు
పోయిన శనివారం పొద్దున బాత్రూంలో కాలు జారి, ఎడమ పక్క నేరుగా బకెట్ అంచు మీద పడ్డాను. వయసు 47, షుగర్, బీపీ లేవు. ఆ రోజే ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉంది, కండరం నొప్పి అని ఐదు రోజులకు మాత్రలు రాశారు. ఇవాళ ఆరో రోజు. నడుస్తుంటే ఫరవాలేదు. మంచం మీద నుంచి లేవడం, దగ్గడం, తుమ్మడం మాత్రం నరకం. తుమ్ము వస్తోందని తెలియగానే చెమటలు పట్టేస్తున్నాయి. నిన్న రాత్రి పక్కకు తిరిగితే లోపల 'టిక్' మంది. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే చిట్లలేదనేనా? ఎన్నాళ్ళు పడుతుంది?

బెజవాడ బుల్లోడు
అన్నా, మెడికల్ షాపులో ఛాతీకి కట్టుకునే బెల్ట్ దొరుకుతుంది. 2019లో బండి మీద నుంచి పడ్డప్పుడు నేను నెలరోజులు బిగించి కట్టుకున్నా, హాయిగా ఉండేది. కదలకుండా ఉంటేనే కదా ఎముక అతుక్కునేది. లేదంటే పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకో, మా మేనమామ చెయ్యి అక్కడే బాగైంది.

ఓరుగల్లు సత్తి
ఎడమ పక్క నొప్పి అంటున్నారు. ముందు ఈసీజీ తీయించండి. మా బాబాయి కూడా గ్యాస్ అనుకుని రెండు రోజులు ఊరుకున్నాడు.

గోదారిగట్టు
సత్తి గారూ, నాది పడ్డ దెబ్బండీ. వేలు పెట్టి ఒత్తితే సరిగ్గా ఒకే చోట ప్రాణం లేచిపోతోంది.

వార్డు అక్క
పద్నాలుగేళ్ళుగా ఛాతీ వార్డులో ఫిజియోథెరపీ చేస్తున్నాను. బుల్లోడు తమ్ముడూ, నీకు హాయిగా ఉండడం నిజమే. కానీ చెయ్యి వేరు, ఛాతీ వేరు. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముక కదలాల్సిందే, కదులుతూనే అతుక్కుంటుంది. బిగించి కడితే ఆ పక్క ఊపిరితిత్తి అడుగుభాగం విచ్చుకోదు. కఫం అక్కడే నిలిచి న్యుమోనియాకు దారి తీస్తుంది. నువ్వు కుర్రాడివి కాబట్టి గట్టెక్కావు. అరవై దాటినవాళ్ళు, పొగతాగేవాళ్ళు దాని జోలికి పోకూడదు. పుత్తూరు కట్టైనా ఇంకే కట్టైనా ఛాతీకి నేను వద్దనే అంటాను.

గోదారిగట్టు గారూ, సన్నని చిట్లు మొదటి రోజు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. రెండు మూడు వారాలకు కొత్త ఎముక పోసుకున్నాక ఆ చోట చిన్న బుడిపెలా కనిపించి, అప్పుడు తెలుస్తుంది. కనపడినా కనపడకపోయినా మీకు చేసేది ఒకటే, నొప్పిని అదుపులో పెట్టి ఊపిరి పూర్తిగా తీసుకోవడం. ఒక చోటే నొప్పి ఉండి, ఆయాసం లేకపోతే సీటీ స్కాన్ కోసం పరుగెత్తక్కర్లేదని నా అభిప్రాయం. డాక్టర్లలోనూ దీనిపై రెండు మాటలున్నాయి.

ఇంతకీ మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?

గోదారిగట్టు
నొప్పి భరించలేనప్పుడు ఒకటి. ఎక్కువ వాడితే కిడ్నీ పోతుందంటారుగా.

వార్డు అక్క
అదే పొరపాటు. నొప్పి పైకెక్కాక వేసిన మాత్ర దాన్ని దించడానికి గంట తీసుకుంటుంది. ఆ గంటసేపు మీరు పైపైనే ఊపిరి తీస్తారు. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకు పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు, గడియారం చూసి వేసుకోమంటాం. లివర్ జబ్బున్నా, రోజూ మందు తాగే అలవాటున్నా డాక్టర్ని అడిగాకే. కిడ్నీ భయం డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి వాటితో. అవి తిన్నాకే వేసుకోవాలి. కిడ్నీ జబ్బు, అల్సర్ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముట్టుకోకూడదు. ఇంకోటి, మన దగ్గర ఎసిక్లోఫెనాక్ మాత్రల్లో చాలా వాటిలో పారాసిటమాల్ కలిపే ఉంటుంది. అట్ట వెనక చదవండి, లేకపోతే తెలియకుండా రెండింతలు పడుతుంది.

గోదారిగట్టు
ఇప్పుడే చూశా, నిజమే, 325 ఉంది. ఇంకో సంగతి. కరోనాలో నాన్నగారికి కొన్న మూడు బంతుల పరికరం ఇంట్లో ఉంది. ఎంత ఊదినా బంతి కదలట్లేదు. ఊపిరితిత్తి దెబ్బతిందా?

వార్డు అక్క
అది ఊదేది కాదు, పీల్చేది! మా వార్డులో పదిమందిలో ఆరుగురు ఊదుతారు. నిటారుగా కూర్చోండి. ముందు ఊపిరి మామూలుగా వదిలేసి, గొట్టం పెదాలతో మూసి, జుర్రుకున్నట్టు కాకుండా నెమ్మదిగా పీల్చండి. మొదటి బంతి లేచి మూడు నాలుగు సెకన్లు నిలిస్తే చాలు. మూడూ లేపాలన్న పంతం వద్దు, గబుక్కున పీల్చితే బంతులు ఎగురుతాయి గానీ ఊపిరితిత్తి నిండదు. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు, మధ్యలో ఆగుతూ. తల తిరిగితే ఆపండి. మాత్ర వేసుకున్న ముప్పావుగంటకు మొదలుపెడితే తేలిక. చివర్లో దిండును నొప్పి ఉన్న చోట రెండు చేతులా హత్తుకుని ఒకసారి దగ్గండి. తుమ్ముకీ ఆ దిండే.

సత్తి గారి మాట వల్ల ఒకటి గుర్తొచ్చింది. ఎడమ పక్క కింది ఎముకల వెనకాలే ప్లీహం ఉంటుంది. కళ్ళు తిరగడం, కడుపులో నొప్పి, ఎడమ భుజం లాగడం ఉంటే రాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఆయాసం, జ్వరం, కఫంలో రక్తం ఉన్నా అంతే.

డాలస్ లక్ష్మి
మా అమ్మ పడలేదు, కేవలం దగ్గింది. 66 ఏళ్ళు, మా దగ్గరికొచ్చిన కొత్తలో మూడు వారాలు పొడి దగ్గు. ఒకరోజు పప్పు కడుగుతూ గట్టిగా దగ్గింది, "ఏదో విరిగినట్టుందే" అని సింకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేమేమో పట్టేసిందని బామ్ రాశాం. తర్వాత స్కాన్‌లో ఏడో పక్కటెముక చిట్లిందని తేలింది. ఎముకల సాంద్రత పరీక్ష చేస్తే బోలు ఎముకల జబ్బు బయటపడింది. ఆ దగ్గు ఎందుకో తెలుసా? బీపీకి వేసుకునే రామిప్రిల్! మాత్ర మార్చాక రెండు మూడు వారాల్లో దగ్గు పోయింది. అది పోయేదాకా ఎముక మాట దేవుడెరుగు.

వార్డు అక్క
ఆ జాతి బీపీ మాత్రలతో పొడి దగ్గు మామూలే. అయితే సొంతంగా మానేయకూడదు, మార్పించుకోవాలి. మన దగ్గర రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కఫం పరీక్ష చేయించి టీబీ లేదని చూసుకోవాలి.

బెజవాడ బుల్లోడు
సరే అక్కా, బెల్ట్ మాట వెనక్కి తీసుకున్నా. పడుకోవడం మాత్రం నన్ను నమ్మన్నా, దెబ్బ తగిలిన పక్కకే పడుకో.

డాలస్ లక్ష్మి
అమ్మ అలా అరనిమిషం కూడా ఉండలేకపోయింది. రెండు వారాలు వాలు కుర్చీలోనే నిద్ర.

గోదారిగట్టు (ఐదు వారాల తర్వాత)
అడుగుతారని రాస్తున్నా. నాకూ వాలు కుర్చీయే నయం, పదో రోజుకి మంచం మీదకి వచ్చా. రెండు వారాలకు మాత్రలు రెండుకి తగ్గాయి. మూడో వారంలో మొదటిసారి దిండు లేకుండా తుమ్మాను. బాగైపోయిందనుకుని నాలుగో వారంలో ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్ను ఎత్తాను, మళ్ళీ నాలుగు రోజులు మొదటికొచ్చింది. ఇప్పుడు వేలు పెడితే ఆ చోట గోళీకాయంత గట్టిగా తగులుతోంది. పొద్దున్నే ఇంకా 'టిక్' మంటోంది. బండి ఎప్పుడు నడపొచ్చు?

వార్డు అక్క
ఆ గోళీకాయే కొత్త ఎముక. ఆరు వారాలకు చాలావరకు అతుక్కుంటుంది, నొప్పి మూడు నెలల దాకా అప్పుడప్పుడూ పలకరిస్తుంది. నొప్పి లేకుండా భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడగలుగుతున్నారా? అయితే దగ్గర దూరాలకు సరే. 'టిక్' ఇంకో నెలకీ పోకపోతే ఆర్థోపెడిక్‌కి ఒకసారి చూపించండి.

ఓరుగల్లు సత్తి
ఈసీజీ తీయించారా లేదా?