గంధరాజం మొగ్గలు విచ్చుకోకముందే రాలిపోతున్నాయి, కారణం చెప్పగలరా?

మాది అమలాపురం. కడియం నర్సరీలో కొన్న గంధరాజం కుండీ నిండా మొగ్గలతో వచ్చింది. తూర్పు వరండాలో బాగానే ఉండేది. ఎండ చాలదేమోనని డాబా మీదికి మార్చాక, మొగ్గలు తొడిమ దగ్గర పసుపెక్కి, చెయ్యి తగిలితే చాలు రాలుతున్నాయి. విప్పి చూస్తే లోపల పురుగు లేదు, ఆకులూ పచ్చగానే ఉన్నాయి.

కోనసీమ గాలిలో తేమకి లోటు లేదు గానీ, ఇప్పుడు కుండీకి పక్కనున్న ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి కొడుతోంది. పైగా మధ్యాహ్నానికే మట్టి ఎండి కుండీ తేలికైపోతుంది, సాయంత్రం అత్తయ్యగారు అడుగున కారేదాకా పోస్తారు.

మళ్లీ వరండాకి మారిస్తే ఆ మార్పుకే మిగతా మొగ్గలూ పోతాయా? లేక కుండీని కదపకుండా, వేడిగాలికి అడ్డుపెట్టి, పైన అంగుళం మట్టి ఆరగానే నీళ్లు పోస్తే నిలుస్తాయా? పెంచినవాళ్లు చెప్పండి.