బి పాజిటివ్ పేషెంట్, యాంటీబాడీ స్క్రీన్ పాజిటివ్: కలిసిన యూనిట్ ఇచ్చేయొచ్చా?

బెంచ్_నైట్‌డ్యూటీ
54 ఏళ్ల ఆవిడ, ఎల్లుండి తుంటి కీలు మార్పిడి. ఫార్వర్డ్, రివర్స్ రెండింట్లోనూ బి పాజిటివే. మూడు కణాల స్క్రీన్‌లో మొదటిది నెగటివ్, రెండు, మూడు 2 ప్లస్. ఆటో కంట్రోల్ నెగటివ్. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పులో రక్తం ఎక్కించారట. ఫ్రిజ్‌లో 14 బి పాజిటివ్ యూనిట్లున్నాయి. రెండు క్రాస్‌మ్యాచ్ చేస్తే ఒకటి కలిసింది, ఒకటి కలవలేదు. కలిసింది పంపేద్దామా?

గుంటూరు_అల్లుడు
మా అత్తగారి రిపోర్టులోనూ స్క్రీనింగ్ పాజిటివ్ అని రాశారు. హెచ్ఐవీ లాంటిదా అండీ? ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

జెల్‌కార్డ్
అల్లుడు గారూ, కాదండీ. ఆ పరీక్షలు వేరు. ఇది ఆవిడ ప్లాస్మాలో ఇతరుల ఎర్రకణాలను పట్టుకునే యాంటీబాడీ ఉందని మాత్రమే చెబుతుంది. కాన్పుల వల్లో, పాత రక్తమార్పిడి వల్లో వస్తుంది. దానివల్ల ఆవిడకి ఏ జబ్బూ ఉండదు, ఎక్కించే రక్తం ఎంచుకోవడమే కష్టం. అందరూ పడుకోండి.

బెంచ్ గారూ, ఇంకా పంపకండి. కిట్‌తో వచ్చిన యాంటీజెన్ పట్టీ తీసి, మొదటి కణం ఎదురుగా ఏముందో చూడండి. చాలా కిట్లలో మొదటిది ఆర్‌హెచ్ యాంటీజెన్లలో బిగ్ సి ఉండి స్మాల్ సి లేని కణం, మిగతా రెండింట్లో స్మాల్ సి ఉంటుంది. మీ పట్టీ కూడా అలాగే ఉంటే మొదటి అనుమానం యాంటీ-స్మాల్ సి. 11 కణాల ప్యానెల్ పెట్టండి. పేషెంట్ కణాల్లో స్మాల్ సి ఉందేమో యాంటీసీరంతో చూడండి. ఆవిడ కణాల్లో అది ఉంటే మన ఊహ తప్పు.

బెంచ్_నైట్‌డ్యూటీ
పట్టీ మీరన్నట్టే ఉంది. ప్యానెల్‌లో స్మాల్ సి ఉన్నవన్నీ పాజిటివ్, లేనివన్నీ నెగటివ్. ఆవిడ కణాల్లో స్మాల్ సి లేదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించలేదు. బిగ్ ఇ సంగతి మాత్రం తేలలేదు, ఆ కణాలన్నీ స్మాల్ సి ఉన్నవే.

జెల్‌కార్డ్
అది మామూలే. బిగ్ ఇ ఉండి స్మాల్ సి లేని కణం దొరకడం చాలా అరుదు. అదే ఇక్కడ కలిసొస్తుంది. స్మాల్ సి లేని యూనిట్లలో బిగ్ ఇ కూడా దాదాపు ఉండదు, కాబట్టి రెంటికీ ఒకే దెబ్బ. కిడ్, డఫీ, కెల్ యాంటీబాడీలు లేవని మాత్రం స్మాల్ సి లేని కణాలతో విడిగా తేల్చుకోండి.

మన దాతల్లో పదిమందికి సుమారు నలుగురిలో స్మాల్ సి ఉండదు. రెండు యూనిట్లకి రెండుని 0.4తో భాగిస్తే ఐదు. అంటే ఐదు చూస్తే రెండు దొరకాలి. మీ దగ్గర 14 ఉన్నాయి. యాంటీసీరం ఖరీదు కాబట్టి ముందు పేషెంట్ ప్లాస్మాతోనే జల్లెడ పట్టి, కలిసినవాటినే యాంటీసీరంతో ఖాయం చేసుకోండి. పాజిటివ్ కంట్రోల్‌గా బిగ్ సి, స్మాల్ సి రెండూ ఉన్న కణం పెట్టండి. ఆ బలహీనమైనదాన్ని సీరం పట్టగలిగితేనే నమ్మాలి.

కలిసిన ఆ యూనిట్ సంగతి: దాత కణంలో స్మాల్ సి ఒక్క మోతాదే ఉంటే క్రాస్‌మ్యాచ్‌లో చుక్క కూడా కనపడకపోవచ్చు. ఎక్కించాక వారం, పది రోజులకి హిమోగ్లోబిన్ పడి కళ్లు పచ్చబడతాయి. అప్పటికి ఆవిడ ఇంట్లో ఉంటుంది, కామెర్లు అనుకుంటారు.

సీనియర్_స్టాఫ్‌నర్స్
ఇంత గొడవెందుకు? థియేటర్‌లో రక్తం పోతే ఓ నెగటివ్ ఉంది కదా, ఎవరికైనా సరిపోతుంది.

జెల్‌కార్డ్
మేడమ్, ఏబీఓ, డి వరకైతే మీ మాట నిజమే. కానీ ఓ నెగటివ్ దాతలు దాదాపు అందరిలోనూ స్మాల్ సి రెండు మోతాదులు ఉంటుంది. ఈవిడకి అదే అన్నిటికంటే చెడ్డ రక్తం. అందుకే ఎల్లుండికి ముందే రెండు యూనిట్లు ఆవిడ పేరు రాసి పక్కన పెట్టాలి, సర్జన్‌కీ అనెస్థీషియా డాక్టర్‌కీ ఫోన్‌లో చెప్పాలి.

వైజాగ్_పేరెంట్
నా భార్య ఏ నెగటివ్, 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ చేయించాం. సిజేరియన్ ముందు స్క్రీన్ పాజిటివ్ వచ్చింది. బిడ్డకి ముప్పా?

జెల్‌కార్డ్
ఇంజెక్షన్ యాంటీబాడీయే ఇన్ని వారాలకీ కనపడటం మామూలే. అయితే అది ఇంజెక్షన్‌దా, ఆమె శరీరం చేసుకున్నదా అని ట్యూబ్ ఒక్కటే చెప్పలేదు. ఇంజెక్షన్‌కి ముందటి స్క్రీన్ రిపోర్టు, ఇంజెక్షన్ తేదీ, మోతాదు బ్లడ్ బ్యాంక్‌కి ఇవ్వండి. టైటర్, అంటే యాంటీబాడీ బలం, పెరుగుతుంటే మాత్రం ఇంజెక్షన్ మీదకి నెట్టేయకూడదు.

బెంచ్_నైట్‌డ్యూటీ
ఆరు యూనిట్లు చూస్తే రెండు దొరికాయి. మూడోది కూడా ఉంచమంటున్నారు. పేషెంట్ చెల్లెలు ఇస్తానంటోంది.

జెల్‌కార్డ్
చెల్లెలికీ స్మాల్ సి లేకపోయే అవకాశం బాగానే ఉంది. కానీ రక్తసంబంధీకుల రక్తం రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించాలి. మీ దగ్గర ఇర్రేడియేటర్ ఉందా?

బెంచ్_నైట్‌డ్యూటీ
లేదు. మిగతా ఎనిమిది కూడా చూస్తాను.